పుణె బదిలీకి బదులు రాజీనామా: లేఖ ఏ రోజు ఇవ్వాలి, అందులో ఏం రాయాలి

ప్రశ్న: మేము బెంగళూరులో కె.ఆర్. పురం దగ్గర ఉంటున్నాం. నేను 2021 జూలై 12న ఇప్పటి కంపెనీలో చేరాను. జూన్ 1 నుంచి పుణె ఆఫీసులో చేరాలని బదిలీ లేఖ ఇచ్చారు. ఇంటి పరిస్థితుల వల్ల వెళ్లలేను, ఆ వివరాలు ఆఫీసులో చెప్పడం ఇష్టం లేదు. అందుకే రేపు, మే 8న, రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నాను. నోటీసు 60 రోజులు. నా నెల జీతం 1,04,000 రూపాయలు, అందులో బేసిక్ 52,000. మా వారికి చేతికి 58,000 వస్తుంది. ఫ్లాటు ఈఎంఐ 31,000, ఇంటి ఖర్చు 45,000. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 3 లక్షలు ఉన్నాయి. లేఖలో కారణం ఎలా రాయాలి? పీఎఫ్ తీసుకుని ఆరు నెలలు గడుపుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందుగా ఒక్క మాట. రేపు లేఖ ఇవ్వకండి, మే 18 వరకు ఆగండి. మే 8న ఇస్తే 60 రోజుల నోటీసు జూలై 7తో ముగుస్తుంది, మీకు ఐదేళ్ల సర్వీసు పూర్తయ్యేది జూలై 11న. అంటే నాలుగు రోజుల తేడాతో గ్రాట్యుటీ హక్కు వివాదంలో పడుతుంది. మే 18, సోమవారం నాడు ఇస్తే చివరి పని దినం జూలై 17 అవుతుంది, ఐదేళ్లు దాటి ఇంకా కొన్ని రోజులు చేతిలో ఉంటాయి. గ్రాట్యుటీ లెక్క ఇది: చివరి నెల బేసిక్, డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, దాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చిస్తారు. మీ 52,000కి ఏడాదికి 30,000 చొప్పున ఐదేళ్లకు 1,50,000 రూపాయలు వస్తాయి. ఈ మొత్తం 20 లక్షల పరిమితికి చాలా లోపల ఉంది కాబట్టి దానిపై పన్ను కూడా పడదు. పది రోజులు ఆగినందుకు ఇంత తేడా వస్తున్నప్పుడు, మనసులో ఎంత తొందర ఉన్నా, ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

అయితే మే 18 కంటే మరీ ఆలస్యం చేయకూడదు. జూన్ 1 దాటి మీరు పుణెలో చేరకుండా, రాజీనామా కూడా ఇవ్వకుండా ఉంటే, కంపెనీ దాన్ని ఆదేశాన్ని ధిక్కరించడంగానో, చెప్పకుండా విధులకు గైర్హాజరు కావడంగానో రాసుకునే వీలుంది. చాలా నియామక పత్రాల్లో దేశంలో ఏ ఊరికైనా బదిలీ చేయవచ్చన్న షరతు ఉంటుంది కాబట్టి ఆ వాదనలో కంపెనీకే బలం ఎక్కువ. అప్పుడు రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది, నోటీసు కాలం జీతం మీ దగ్గర నుంచి రాబట్టే ప్రయత్నం జరుగుతుంది, రేపు కొత్త ఉద్యోగంలో పాత కంపెనీని వాకబు చేసినప్పుడు ఆ రాత బయటికి వస్తుంది. కాబట్టి మీకు పనికొచ్చే వ్యవధి మే 18 నుంచి మే 31 మధ్యలో ఉంది, అందులో మొదటి రోజే అన్నిటికంటే మేలు.

ఈలోగా బదిలీ లేఖతో పాటు అంగీకార పత్రం ఇచ్చి ఉంటే దానిపై సంతకం పెట్టకండి, ఇల్లు మారే ఖర్చుల కింద అడ్వాన్సు ఏదైనా ఇస్తామంటే తీసుకోకండి. తీసుకున్న తర్వాత రాజీనామా చేస్తే ఆ సొమ్ము మొత్తం తుది లెక్కలో కోసేసుకుంటారు. హెచ్ఆర్‌కు మాత్రం ఒక చిన్న మెయిల్ పెట్టండి: లేఖ అందింది, ఇంట్లో మాట్లాడుకుని 18వ తేదీలోగా జవాబిస్తాను అని. అదే సమయంలో, మీ టీమ్ మొత్తాన్ని పుణెకు తరలిస్తున్నట్లయితే, వెళ్లలేని వారికి పరిహారం ఏమైనా ఇస్తున్నారా అని రాతపూర్వకంగా అడగండి. ఈ ప్రశ్న రాజీనామాకు ముందే వేయాలి. స్వచ్ఛందంగా రాజీనామా చేసినట్టు ఒకసారి కాగితం మీదికి వచ్చాక పరిహారం అడగడానికి ఆధారం దాదాపు మిగలదు. ఇవ్వమని చెప్పినా నష్టం లేదు, మీ ప్రశ్నకు ఒక రికార్డు ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు ఉద్యోగం పోతే ఈఎంఐలు కట్టే బీమా ఏదైనా తీసుకుని ఉంటే, దాని మీద ఆశ పెట్టుకోకండి, అలాంటి పాలసీలు సాధారణంగా కంపెనీ తొలగించినప్పుడే చెల్లిస్తాయి, మనంతట మనం మానేస్తే చెల్లించవు.

ఇక లేఖలోని మాటలు. కారణం వివరించాల్సిన బాధ్యత మీకు లేదు, కానీ పూర్తిగా దాచిపెట్టినట్టు రాయడం కూడా నాకు సరిగా అనిపించదు. బదిలీ లేఖ వచ్చిన రెండు వారాలకు రాజీనామా వస్తే దాని కారణం అందరికీ తెలిసే ఉంటుంది, దాన్ని అనవసరంగా పక్కన పెడితే మీరు కొత్త ఉద్యోగంలో చెప్పే మాటకూ, ఇక్కడి రికార్డుకూ పొంతన ఉండదు. అలాగని ‘బదిలీని తిరస్కరిస్తున్నాను’ అని రాస్తే అది ఆదేశాన్ని ధిక్కరించడంగా చదువుకోవడానికి వాళ్లకు వాక్యం అందించినట్టవుతుంది. ‘అనారోగ్య కారణాల వల్ల’ అని రాస్తే వైద్యుడి సర్టిఫికెట్ అడుగుతారు, అడగకపోయినా తర్వాత దాని గురించి ప్రశ్నలు వస్తాయి. అందుకని మధ్యస్థంగా ఈ అర్థం వచ్చేలా రాయమని నా సలహా:

‘మీరు పంపిన బదిలీ లేఖ అందింది. కుటుంబ పరిస్థితుల దృష్ట్యా నేను బెంగళూరులోనే ఉండవలసి ఉంది. అందువల్ల నా ఉద్యోగానికి రాజీనామా సమర్పిస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 60 రోజుల నోటీసు కాలాన్ని బెంగళూరు కార్యాలయం నుంచి పూర్తి చేస్తాను. నా చివరి పని దినం 2026 జూలై 17.’

ఇందులో ‘వెళ్లను’ అనే మాట లేదు, ‘ఉండవలసి ఉంది’ అని మాత్రమే ఉంది. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. చివరి రెండు వాక్యాలు మాత్రం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మీ 1,50,000 రూపాయలు ఆ తేదీని పట్టుకునే ఉన్నాయి. ‘వెంటనే అమల్లోకి వచ్చేలా’, ‘వీలైనంత త్వరగా రిలీవ్ చేయండి’, ‘నోటీసు మాఫీ చేయండి’ లాంటి మాటలు మర్యాద కోసం కూడా రాయకండి. మేనేజరు మొహమాటపెట్టి తొందరగా వెళ్లిపొమ్మన్నా, నోటీసు పూర్తి చేయడమే నా ఉద్దేశమని మెయిల్‌లోనే సమాధానం ఇవ్వండి.

కంపెనీ రెండు రకాలుగా స్పందించవచ్చు. మొదటిది, నోటీసు కాలం కూడా పుణె నుంచే చేయమనడం. అప్పుడు బెంగళూరు నుంచి పని అప్పగింత చేస్తానని, ఇంటి నుంచి పనిచేయడానికైనా సిద్ధమని రాసి అడగండి, చాలా చోట్ల మేనేజర్లకు కూడా పని సజావుగా అప్పజెప్పి వెళ్లే మనిషే కావాలి కాబట్టి ఒప్పుకుంటారు. రెండోది, నోటీసు జీతం ఇచ్చేసి మే 31నే రిలీవ్ చేయడం. అలా జరిగితే మీ సర్వీసు నాలుగేళ్ల పది నెలల పైచిలుకు అవుతుంది. ఐదో ఏడాదిలో 240 రోజుల సర్వీసు ఉంటే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కించాలన్న వాదనను మద్రాసు హైకోర్టు అంగీకరించింది. ఆరు నెలలు మించిన భాగాన్ని ఏడాదిగా సవరించడం చట్టంలోనే ఉంది కాబట్టి మొత్తం మళ్లీ ఐదేళ్లకే వస్తుంది. కానీ చాలా కంపెనీల హెచ్ఆర్ విభాగాలు నిండా ఐదేళ్లు ఉంటేనే ఇస్తాయి. అలాంటప్పుడు మీరు రాతపూర్వకంగా క్లెయిమ్ పెట్టి, కాదన్నాక బెంగళూరు బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో కార్మిక శాఖను ఆశ్రయించవలసి వస్తుంది. ఆ దారి ఉంది, కానీ నెలలు పడుతుంది. అందుకే ఆ డబ్బును ఇంటి ఖర్చుల లెక్కలో ముందే కలుపుకోకండి.

పీఎఫ్ గురించి అడిగారు. తీయవద్దు, అవసరం కూడా లేదు. మీ వారి 58,000 వస్తూ ఉంటే, ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి 76,000కి నెలకు 18,000 తక్కువ పడుతుంది. ఆరు నెలలకు 1,08,000. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోని 3 లక్షల్లో మూడో వంతుకు కాస్త ఎక్కువతో ఇది సరిపోతుంది, గ్రాట్యుటీ వస్తే అది కూడా పూడిపోతుంది. పీఎఫ్ సొమ్ముకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, కొత్త ఉద్యోగం వచ్చాక అదే యూఏఎన్ మీద బదిలీ చేయించుకుంటే సర్వీసు కొనసాగుతుంది. ఆ బదిలీకి ఒక అడ్డంకి తరచూ వస్తుంది: పాత కంపెనీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోవడం. సెటిల్‌మెంట్ నాటికి ఈపీఎఫ్ఓ సభ్యుల పోర్టల్‌లో ఆ తేదీ జూలై 17గా కనిపిస్తోందో లేదో చూసుకోండి. వాళ్లు వేయకపోతే చివరి చందా జమైన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. కారణం గడిలో బదిలీ ప్రస్తావనకు చోటు లేదు, సర్వీసు ముగిసిందన్న సాధారణ కారణమే ఎంచుకోవాలి.

మీ ఇంటి లెక్కలో నాకు అన్నిటికంటే పెద్ద ఖాళీగా కనిపిస్తున్నది ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూప్ పాలసీలో మీ కుటుంబం ఉంటే, అది సాధారణంగా చివరి పని దినంతోనే ఆగిపోతుంది. అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలును బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు కల్పిస్తున్నాయి, అలా మారితే ఇప్పటికే గడిచిన వెయిటింగ్ పీరియడ్ కొంత కలిసివస్తుంది. జూన్ మొదటి వారంలోనే పాలసీ సంస్థకు దరఖాస్తు పెట్టండి. మీ వారి కంపెనీ పాలసీలో మిమ్మల్ని చేర్చుకునే వీలుంటే అది కూడా అడగండి, కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే సొంత పాలసీని వదలకండి.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన వారి జీతం బకాయి రెండు పని దినాల్లో ఇవ్వాలి, గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంది. అయినా జూలై జీతాన్ని తుది లెక్క పేరుతో కొన్ని వారాలు ఆపే అలవాటు చాలా కంపెనీల్లో కనిపిస్తుంది. అందుకని జూలై, ఆగస్టు ఈఎంఐలకు 62,000 రూపాయలు జూన్‌లోనే ఈఎంఐ పోయే ఖాతాలో వేసి ఉంచండి. చివర్లో ‘బకాయిలేమీ లేవు’ అని సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల సొమ్ము విడివిడి వరుసల్లో, అంకెలతో కనిపించాకే సంతకం పెట్టండి.