బాత్రూం కొటేషన్ మీద నాలుగు మాటలు

చిట్టీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ కాంట్రాక్టర్ బాత్రూం కొటేషన్ రెండుసార్లు చదివాను. ఒకటే పేజీ, ఆరు వరసలు, కింద మొత్తం 1,80,000. ఇది ఎక్కువా తక్కువా మామయ్యా అని అడిగావు. ఆ కాగితం చూసి చెప్పడం నా వల్ల కాదమ్మా. ఎంత తీసుకుంటాడో రాశాడు గానీ ఎంత పని చేస్తాడో రాయలేదు.

టైల్స్ వరస చూడు. ‘వాల్ అండ్ ఫ్లోర్ టైల్స్, మెటీరియల్‌తో సహా, 58,000’. ఎన్ని అడుగులు? తెలియదు. అందుకే ముందు టేపు తీసుకుని నువ్వే కొలుచుకో. మీ బాత్రూం 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు అన్నావు. నాలుగు గోడల చుట్టుకొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తు వరకూ వేస్తే 182 చదరపు అడుగులు. తలుపు రెండున్నర బై ఏడు, అది తీసేస్తే దాదాపు 165. నేల 40. మొత్తం 205. కోతల్లో పోయేదానికి పది శాతం కలుపుకుంటే 225. ఇక అతన్ని ఎన్ని అడుగులకు లెక్కగట్టావని అడుగు. 280 అంటే కంగారు పడకు, మోసమనీ అనుకోకు. ఫాల్స్ సీలింగ్ దాకా 9 అడుగులు వేసే ఉద్దేశంతో లెక్కగట్టి ఉండొచ్చు. ఆ రెండడుగుల తేడాకే గోడల మీద 52 చదరపు అడుగులు పెరుగుతాయి. ఏ ఎత్తైనా సరే, కాగితం మీద ఉండాలి. లేకపోతే సగం గోడ లేచాక ‘ఇక్కడిదాకే అనుకున్నాం మేడం’ అంటాడు.

టైల్ బేసిక్ రేటు కూడా అంతే. అతను అడుగు 60 రూపాయల టైల్ అనుకుని ఉంటాడు. నువ్వు షాపుకెళ్లి 85ది చూసి ముచ్చటపడతావు. 225 అడుగులకి 5,625 రూపాయలు ఎక్స్‌ట్రా అవుతుంది. అది నువ్వు కోరుకున్న ఖర్చే కాబట్టి ఫర్వాలేదు. కానీ బేసిక్ రేటు రాసి లేకపోతే ఆ తేడా ఎంతో చెప్పేది అతనే.

నాకు అసలు భయం వేసింది ‘వాటర్‌ప్రూఫింగ్ – 1 జాబ్’ అన్న వరస చూసి. సిమెంట్ నీళ్లలో కాస్త కెమికల్ కలిపి ఒకసారి బ్రష్ తిప్పినా అది ఒక జాబే. పైన టైల్స్ పడ్డాక కింద ఏముందో ఎవరికీ కనిపించదు. కింది ఫ్లాటు వాళ్ల సీలింగు తడిసినప్పుడే తెలుస్తుంది. అందుకని ఏ కంపెనీ ఏ రకం కెమికల్, ఎన్నిసార్లు పూస్తాడు, నేలంతా పూశాక గోడ మీద ఎంత ఎత్తు వరకూ (షవర్ దగ్గర ఇంకా పైకి పోవాలి), నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ ఏం చేస్తాడు, ఇవి రాయించు. టైల్స్ వేయకముందే ట్రాప్ మూసి, నేల మీద నీళ్లు కట్టి 48 గంటలు ఉంచి చూపిస్తానని కూడా రాయించు. దానికి ‘అవసరం లేదండీ, నాది గ్యారంటీ’ అంటే ఇంకో మనిషిని చూసుకో.

పాత టైల్స్ కొట్టడం రాశాడు గానీ, ఆ మట్టీ ముక్కలూ ఎవరు మోసి బయట పారేస్తారో రాయలేదు. మా వంటగది పనిలో నేనూ ఇది పట్టించుకోలేదు. ఆ చెత్త వారం రోజులు గేటు ముందే ఉంది. కాంట్రాక్టర్ ‘అది మనది కాదు సార్’ అన్నాడు. ట్రాక్టరూ కూలీలూ నేనే మాట్లాడుకున్నాను, మీ అత్తయ్య ఇప్పటికీ గుర్తుచేస్తుంది. జి.ఎస్.టి. కలిపా, విడిగానా అనేదీ అడుగు. 18 శాతం విడిగా అంటే ఇంకో 32,400.

ఇక డబ్బు. ‘50 శాతం అడ్వాన్స్, 40 శాతం పని నడుస్తుండగా, మిగతాది ఫినిషింగ్‌లో’ అని ఉంది. పని నడుస్తుండగా అంటే ఎప్పుడు? మొదటి టైల్ కొట్టిన మర్నాడు కూడా పని నడుస్తున్నట్టే. అప్పటికి అతని చేతిలో 1,62,000 ఉంటుంది, నీ బాత్రూంలో గోడలు బోసిగా ఉంటాయి. తారీఖులకి కాకుండా కంటికి కనిపించే పనికి డబ్బు ముడిపెట్టు. మొదలుపెట్టడానికి 27,000. కొట్టి, చెత్త తీసేశాక 36,000. పైపులు వేసి, ప్రెషర్ టెస్టూ నీళ్లు కట్టిన టెస్టూ చూపించాక 45,000. టైల్స్, గ్రౌటింగ్ అయ్యాక 54,000. ఆఖరి 18,000 కుళాయిలు, కమోడ్ బిగించి మీరు పదిహేను రోజులు వాడి చూశాక. మెటీరియల్ కొనాలి కదా, మొదట్లో ఇంకొంచెం ఇవ్వమంటాడు. అది న్యాయమే. అయితే టైల్స్, ఫిట్టింగ్స్ డబ్బు నువ్వే నేరుగా షాపులో కట్టి, బిల్లు నీ పేర తీసుకుని, ఆ మొత్తం అతనికివ్వాల్సిన దాంట్లోంచి తగ్గించుకో.

ఆదివారం వస్తానన్నాడుగా. ఒప్పుకున్నవన్నీ అదే కొటేషన్‌లో మళ్లీ టైప్ చేయించి పంపమను, అది నాకు ఫార్వర్డ్ చెయ్యి. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య