ప్లగ్గు కాలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: అద్దె ఇంట్లో ఉంటున్నాం. కారుతో పాటు ఇచ్చిన పోర్టబుల్ ఛార్జర్‌ను పార్కింగ్‌లోని 16 ఆంప్స్ సాకెట్‌కు పెట్టి రాత్రంతా ఛార్జ్ చేస్తున్నాను. కొన్నాళ్లుగా ప్లగ్గు బాగా వేడెక్కుతోంది. ఇప్పుడు ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారింది. షోరూమ్ వాళ్లు సాకెట్ తప్పంటారు, ఇంటి ఓనర్ ఛార్జర్ తప్పంటారు. ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదు కాబట్టి తప్పు ఎవరిదో తేలేదాకా వాడుకోవచ్చా? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

జవాబు: వాడకండి. ప్లాస్టిక్ రంగు మారిందంటే ఆ ప్లగ్గు పని అయిపోయినట్టే. ఛార్జింగ్‌లో ప్లగ్గు గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి, కాలిన వాసన, చిటపట శబ్దం, రంగు మారడం, పిన్నులు సాకెట్‌లో వదులుగా ఆడటం, వీటిలో ఏది కనిపించినా ఆపేయాలి. ముందు కారులో ఛార్జింగ్ ఆపండి, తర్వాత స్విచ్ కట్టేయండి, ఆ తర్వాతే ప్లగ్గు లాగండి. కరెంటు పారుతుండగా లాగితే నిప్పురవ్వలు వచ్చి పిన్నులు ఇంకా పాడవుతాయి.

ఎంసీబీ పడలేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. అది కరెంటు పరిమితి దాటితేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో పడుతుంది. కాంటాక్ట్ వదులైతే కరెంటు పెరగదు, ఆ ఒక్కచోట వేడి పెరుగుతుంది. కాంటాక్ట్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉండి 15 ఆంప్స్ పారుతుంటే అక్కడ సుమారు 22 వాట్ల వేడి పుడుతుంది. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను సాకెట్ లోపల పెట్టి రాత్రంతా వదిలేసినట్టు. ఆ వేడికి సాకెట్‌లోని స్ప్రింగ్ పట్టు ఇంకా సడలుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది.

ఇక బాధ్యత సంగతి. అది మాటల్లో తేలదు, మచ్చ ఎక్కడుందో దాన్నిబట్టి తేలుతుంది. సాకెట్ వెనక వైరు బిగించిన స్క్రూ దగ్గర ఇన్సులేషన్ కాలి ఉంటే వైరింగ్ సరిగా బిగించలేదని అర్థం. పిన్ను ప్లగ్గులోంచి బయటికొచ్చే మొదట్లోనే ప్లాస్టిక్ కరిగి, సాకెట్ లోపల శుభ్రంగా ఉంటే అనుమానం ఛార్జర్ మీదికి పోతుంది. పిన్ను కొస నల్లబడి, సాకెట్ రంధ్రం కూడా కాలి ఉంటే చాలావరకు అరిగిన సాకెట్టే. అందుకే ఒక ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి, సాకెట్ విప్పించి, రెండు వైపులా ఫొటోలు తీయండి, ఆయనతో రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. పిన్నులను గీకి శుభ్రం చేయకండి, పాత సాకెట్ పారేయకండి. సాక్ష్యం అంటే అవే.

ఛార్జర్ లోపమని తేలితే వారంటీ కింద మార్చమని షోరూమ్‌కూ, తయారీదారుకూ ఈమెయిల్ పెట్టండి. కుదరదంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అవసరమైతే కమిషన్ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. సాధారణంగా గడువు రెండేళ్లు. అయితే వాళ్లు ముందు అడిగేది మాన్యువల్ గురించే. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడినా, ప్లగ్గు కోసి వేరేది తగిలించినా దుర్వినియోగం, మార్పు అనే వాదన వాళ్లకు దొరుకుతుంది. వేడెక్కుతోందని తెలిసీ వాడుతూ పోవడం కూడా మీ కేసును బలహీనపరుస్తుంది. ఇకపై మీరు ఆపాల్సిందే అనడానికి ఇదీ ఒక కారణం.

సాకెట్‌దే లోపమైతే ముందు మీ అద్దె ఒప్పందం చూడండి. మరమ్మతులు ఓనర్ చేయించాలని ఉంటే ఫొటోలతో సహా రాతపూర్వకంగా తెలియజేసి, తగినంత సమయం ఇవ్వండి. అప్పటికీ చేయించకపోతే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారం మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో ఏమీ లేకపోతే ఈ దారి తొక్కకండి, సెక్షన్ వర్తించేది ఓనర్ చేయించాల్సిన మరమ్మతులకే. నా అనుభవంలో ఓనర్లు ఎక్కువగా వేసే ప్రశ్న, "కారు ఛార్జింగ్‌కు నేను ఒప్పుకున్నానా?" అని. ఒప్పుకున్నట్టు వాట్సాప్ మెసేజ్ ఒక్కటున్నా దాచుకోండి.

సాకెట్ మారిస్తే పాత ప్లగ్గును కొత్త దాంట్లో పెట్టకండి. కాలిన పిన్ను కొత్త సాకెట్‌నూ పాడుచేస్తుంది, అప్పుడు ముందు చెడింది ఏదో మీరు కూడా చెప్పలేరు. మార్చిన తర్వాత ఛార్జర్‌లో కరెంటు తగ్గించే వీలుంటే తక్కువలో మొదలుపెట్టి, అరగంటకోసారి స్విచ్ కట్టేసి ప్లగ్గును తాకి చూడండి.