బ్యాంక్ రన్: ఐదు మార్కుల సమాధానం

"అప్పులకంటే ఆస్తులు ఎక్కువున్న బ్యాంకు కూడా రన్‌లో ఎందుకు కూలుతుంది? ఇన్సూరెన్స్ దాన్ని ఎలా ఆపుతుంది? ఐదు మార్కులకు ఎంత రాయాలి?"

ఒక పేజీ చాలు. లెక్కతో మొదలుపెట్టండి.

ఒక బ్యాంకులో డిపాజిట్లు 100 కోట్లు, సొంత మూలధనం 10 కోట్లు. ఈ మొత్తం 110 కోట్లలో 10 కోట్లు నగదుగా ఉంచి, 100 కోట్లు ఇంటి రుణాలుగా ఇచ్చింది. డిపాజిట్ అడిగిన రోజే ఇవ్వాలి, రుణం మాత్రం ఇరవై ఏళ్లకు గానీ పూర్తిగా తిరిగి రాదు. బలహీనత ఇక్కడే ఉంది. అందరూ ఒకేసారి డబ్బు వెనక్కి అడగడానికి వస్తే, అదే బ్యాంక్ రన్, రుణాలను అయినకాడికి అమ్ముకోవాలి. 80 కోట్లే వచ్చాయనుకోండి, నగదుతో కలిపి 90. క్యూలో చివరున్న 10 కోట్లవాళ్లకు సున్నా. అందుకే బ్యాంకు మంచిదేనని తెలిసినవాడు కూడా ముందు పరిగెత్తుతాడు. ఈ వాక్యం తప్పకుండా రాయండి, చాలామంది పుకారును మాత్రమే తప్పుపట్టి వదిలేస్తారు.

డిపాజిట్ ఇన్సూరెన్స్ అంటే బ్యాంకు కూలినా డిపాజిటర్‌కు డబ్బు ఇస్తామన్న హామీ. అది ఉంటే చివర నిలబడినా నష్టం లేదు, కాబట్టి క్యూ కట్టే అవసరమే పోతుంది. అయితే హామీ అరకొరగా ఉంటే పనిచేయదు. దీనికి ఉదాహరణ 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లోని నార్తర్న్ రాక్ బ్యాంకు. అప్పట్లో అక్కడ మొదటి 2,000 పౌండ్లకే పూర్తి రక్షణ, ఆపై 33,000కు 90 శాతమే. జనం బ్రాంచీల ముందు బారులు తీరారు. 17న ప్రభుత్వం డిపాజిట్లకు పూర్తి హామీ ప్రకటించాకే క్యూలు తగ్గాయి.

మన దగ్గర పరిమితి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు, వడ్డీతో కలిపి, 5 లక్షలు. చోటు మిగిలితే, హామీ ఉందన్న ధీమాతో బ్యాంకులు ఎక్కువ రిస్క్ తీసుకునే ప్రమాదాన్ని ఒక్క లైన్లో చెప్పండి.