ఎంజైమ్ కర్వ్ చివర్లో ఫ్లాట్ ఎందుకు అవుతుంది?

"స్లైడ్‌లో సబ్‌స్ట్రేట్ పెంచేకొద్దీ రేటు పెరిగి, తర్వాత ఫ్లాట్ అయిపోయింది. సబ్‌స్ట్రేట్ అయిపోయిందా, ఎంజైమ్ పాడయిందా?"

రెండూ కాదు. మీరు అడ్డగీతను టైమ్ అనుకుని చదువుతున్నట్టున్నారు. అది సబ్‌స్ట్రేట్ గాఢత.

1. కర్వ్ మీది ప్రతి చుక్కా ఒక వేరే ట్యూబ్. ఉదాహరణకి హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్, దాని సబ్‌స్ట్రేట్ గ్లూకోజ్ తీసుకుందాం. అన్నిటిలో ఎంజైమ్ ఒకే మోతాదు, గ్లూకోజ్ మాత్రం వేరువేరు. రేటు కొలిచేది మొదటి క్షణాల్లోనే, అంటే గ్లూకోజ్ ఇంకా దాదాపు తగ్గనప్పుడు. చాలామంది వదిలేసేది ఇదే. నేనూ మొదట్లో అయిపోవడమే కారణమనుకున్నాను.

2. గ్లూకోజ్ తక్కువగా ఉన్నప్పుడు ఎంజైమ్ అణువులు చాలావరకు ఖాళీగా ఉంటాయి. కాస్త పెంచినా రేటు పెరుగుతుంది. ఎక్కువైతే యాక్టివ్ సైట్లన్నీ నిండిపోతాయి. ఇక ఒక సైట్ తన పని ముగించి ఖాళీ అయ్యేదాకా కొత్త గ్లూకోజ్ ఆగాల్సిందే.

3. అంకెల్లో చూడండి. v అంటే రేటు, [S] అంటే సబ్‌స్ట్రేట్ గాఢత, Vmax అంటే రేటుకి గరిష్ఠ హద్దు, Km అంటే రేటు అందులో సగం ఉండే గాఢత:

```
v = Vmax [S] / (Km + [S])
```

హెక్సోకైనేజ్‌కి Km సుమారు 0.1 mM అనుకుందాం. గ్లూకోజ్ 0.1 mM దగ్గర రేటు Vmaxలో 50%, 0.9 దగ్గర 90%, 5 దగ్గర 98%. పదికి పెంచితే 99%. అంటే గ్లూకోజ్ రెట్టింపు చేస్తే వచ్చింది ఒక్క శాతం! గీత నిజానికి పూర్తిగా ఫ్లాట్ అవ్వదు, Vmaxకి దగ్గరవుతూ ఉంటుంది, అంతే.

4. అనుమానముంటే ఎంజైమ్ రెట్టింపు చేసినట్టు ఊహించండి. Vmax రెట్టింపవుతుంది, Km మారదు. అంటే హద్దు పెట్టేది ఎంజైమ్ సైట్ల సంఖ్యే.