ప్రోటాన్ కిరణం చివర్లోనే ఎందుకు ఎక్కువ శక్తినిస్తుంది?

ప్రశ్న: క్యాన్సర్ కణితులకు చేసే ప్రోటాన్ చికిత్సలో కిరణం దారిలో కన్నా చివర్లోనే ఎక్కువ శక్తి ఎందుకు వదులుతుంది? ఎక్కడ ఆగుతుందో కచ్చితంగా తెలుస్తుందా?

ప్రోటాన్ తన విద్యుదావేశంతో దారిలోని ఎలక్ట్రాన్లను కదిలిస్తూ కొద్దికొద్దిగా శక్తిని కోల్పోతుంది. వేగం తగ్గేకొద్దీ ఒక్కో ఎలక్ట్రాన్ దగ్గర గడిపే సమయం పెరుగుతుంది కనుక, సెంటీమీటరుకు కోల్పోయే శక్తి, అంటే స్టాపింగ్ పవర్, ఇంచుమించు వేగం వర్గానికి విలోమంగా పెరుగుతుంది. 150 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో ప్రవేశించేటప్పుడు సెంటీమీటరుకు సుమారు 5.4 మిలియన్ల చొప్పున కోల్పోతుంది. 10 మిలియన్లే మిగిలినప్పుడు, అంటే ఆగడానికి 1.2 మిల్లీమీటర్ల ముందు, ఆ రేటు 46 మిలియన్లకు చేరుతుంది. కణజాలానికి అందే శక్తి, అంటే మోతాదు, అలా ఎగసే చోటే బ్రాగ్ శిఖరం. సుమారు 15.8 సెంటీమీటర్ల తర్వాత మోతాదు దాదాపు ఉండదు.

ఒక్క శిఖరం సన్నగా ఉంటుంది కనుక, కణితి మందాన్నంతా కప్పడానికి వేర్వేరు శక్తుల కిరణాలను కలుపుతారు. దానివల్ల చర్మం వైపు మోతాదు కూడా పెరుగుతుంది, ఈ సంగతి ప్రచార చిత్రాల్లో అంతగా కనబడదు.

ఆగే చోటు మాత్రం పూర్తిగా కచ్చితం కాదు. సీటీ స్కాన్ విలువలను స్టాపింగ్ పవర్‌గా మార్చడంలో వచ్చే అనిశ్చితిని చాలాచోట్ల 3.5 శాతంగా తీసుకుంటారు. పై ఉదాహరణలో అది దాదాపు 5.5 మిల్లీమీటర్లు. అందుకే కణితి వెనుకనే వెన్నుపాము ఉంటే, కిరణం సరిగ్గా దాని ముందు ఆగాల్సిన కోణాన్ని సాధారణంగా ఎంచుకోరు.