ఏప్రిల్ 2న కట్టే 50 వేలు

ఒంగోలు, మార్చి 2026

చిరంజీవి మేనల్లుడికి,

నీ ఉత్తరం అందింది. పీపీఎఫ్ పొదుపు ఖాతాలో ఏడాదికి 50 వేల చొప్పున పదిహేనేళ్లు కడితే చివరికి చేతికి ఎంత వస్తుంది, ఏటా మార్చి 31 లోపల కడితే చాలు కదా అని అడిగావు. మొదటిదానికి జవాబు రెండోదాని మీదే ఆధారపడి ఉంది అబ్బాయ్.

లెక్క నీ ఫోన్లోనే వేసుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం. ఏడాది మొదట్లో 50 వేలు కట్టావనుకో, మార్చి 31న 3,550 వడ్డీ పడి 53,550 అవుతుంది. రెండో ఏడు దానికి 50 వేలు కలుపు, 1,03,550. దాన్ని 1.071తో గుణించు, 1,10,902. ఇట్లా కలపడం, గుణించడం పదిహేనుసార్లు చేస్తే 13,56,070 తేలుతుంది. నువ్వు కట్టింది ఏడున్నర లక్షలే, మిగతాదంతా వడ్డీ.

ఇప్పుడు నువ్వన్నట్టు మార్చి ఆఖర్లో కడితే వరుస తిరగబడుతుంది. ముందు గుణించి, తర్వాత 50 వేలు కలపాలి. ఎందుకంటే ఆ డబ్బుకు ఆ ఏడాది వడ్డీ ఒక్క రూపాయి కూడా రాదు. పదిహేను కిస్తీలూ అట్లాగే కడితే తేలేది 12,66,172. అంటే 90 వేలకు ఓ వంద తక్కువ. అన్నేళ్లూ అంతే డబ్బు కట్టి, పదిహేనో ఏటి వడ్డీ మొత్తం వదులుకున్నట్టే.

వడ్డీని నెలనెలా లెక్కగట్టి, ఏడాది చివర ఒకేసారి వేస్తారు. ఆ నెల 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో అతి తక్కువగా ఎంత ఉందో దానికే ఆ నెల వడ్డీ. 6న కడితే ఆ నెల పోయినట్టే. మూడేళ్ల కిందట నేను 4వ తేదీన చెక్కు ఇచ్చి నిశ్చింతగా ఇంటికొచ్చాను. పాస్‌బుక్కులో చూస్తే 7వ తేదీ పడింది. చెక్కు మారి డబ్బు జమైన రోజే లెక్క అని అప్పుడు చెప్పారు. 50 వేల మీద ఒక నెల వడ్డీ 296 రూపాయలు. పెద్ద మొత్తం కాదు గానీ, అప్పట్నుంచి చెక్కు ఇవ్వడం మానేశాను.

ఖాతా ఎప్పుడు తెరవాలన్నది ఇంకా ముఖ్యం. పదిహేనేళ్లు ఖాతా తెరిచిన రోజు నుంచి లెక్కపెట్టరు, తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి లెక్కపెడతారు. ఏప్రిల్‌లో తెరిచావంటే ఆ ఏడాది లెక్కలోకి రాదు, డబ్బు 2042 ఏప్రిల్‌కు గానీ చేతికి రాదు. అదే ఈ మార్చిలో తెరిస్తే 2041 ఏప్రిల్‌కే వస్తుంది. అందుకని ఈ వారంలోనే వెళ్లి 500 మాత్రం కట్టి ఖాతా తెరువు. మొదటి 50 వేలు ఏప్రిల్‌లో కట్టు. ఈసారి 5వ తేదీ ఆదివారం, 3న గుడ్ ఫ్రైడే. కాబట్టి 2నే వెళ్లు.

నీ చిక్కు నాకు తెలుసు. కొండపి వేలంలో పొగాకు బేళ్లు పోయి డబ్బు చేతికొచ్చేసరికి జూన్, జులై అవుతుంది. ఈ ఏటికి అమ్మ దగ్గర సర్దుకో. వచ్చే ఏడు నుంచి వేలం డబ్బులోంచి మరుసటి ఏప్రిల్‌కని 50 వేలు పక్కన పెట్టు. ఎప్పుడైనా వీలు కాకపోతే జులై 5 లోపల కట్టు, మూడు నెలల వడ్డీ 887 పోతుంది, అంతే. దాని కోసం మార్చి దాకా ఆగకు. బొత్తిగా చేతిలో లేని ఏడు కూడా 500 తప్పకుండా కట్టాలి, లేకపోతే ఖాతా ఆగిపోతుంది. మళ్లీ నడపాలంటే ఆగిన ఒక్కో ఏటికి ఆ 500తో పాటు 50 జరిమానా కట్టాలి.

13,56,070ని మాత్రం రాసిపెట్టిన మాటగా తీసుకోకు. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది, మారిస్తే అప్పటికి ఖాతాలో ఉన్న మొత్తానికీ కొత్త రేటే. నేను 8.8 శాతమూ చూశాను. మొదటినుంచీ 6.5 శాతమే ఉందనుకుని లెక్కేస్తే 12,87,700 దగ్గర ఆగుతుంది. ఏ రేటున వచ్చినా ఆ వడ్డీకి పన్ను లేదు. కట్టిన డబ్బుకు పన్ను మినహాయింపు మాత్రం పాత పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లకే.

ఒక్క మాట. బ్యారన్ కట్టెలకు, కూలీలకు కావాల్సిన డబ్బు ఇందులో పెట్టకు. తెరిచిన ఏడు పోను అయిదేళ్లు నిండేదాకా ఇందులోంచి తీసుకోవడానికి వీలు లేదు.

2న కట్టాక పాస్‌బుక్కులో జమ తేదీ చూసుకుని, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ మామయ్య