రెండో పాల పాకెట్టు

బ్రాడీపేట, గుంటూరు

తమ్ముడూ,

బుడమేరు వరద మీద నువ్వు రాసి పంపిన వ్యంగ్యం చదివాను. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్ నగర్ ఎలా ఉందో కళ్లకు కట్టావు. కార్పొరేటర్ గారు ట్రాక్టరెక్కి వచ్చి, ఒకే పాల పాకెట్టును పదిమంది చేతుల్లో పెట్టి పది ఫొటోలు దిగి, దాన్ని మళ్లీ ట్రాక్టర్లోనే పట్టుకెళ్లిన ఘట్టానికి పైకే నవ్వాను. ఆ వెంటనే క్యూలోకి ముసలావిడ వచ్చింది. కొంగు చాటున రెండో పాకెట్టు దాచిందని, నత్తిగా మాట్లాడుతుందని, మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టిందని రాశావు. అక్కడ నాకు నవ్వు రాలేదు.

ఇద్దరూ పాల పాకెట్టు దగ్గరే దొరికారు కదా, ఆయన్ని అనొచ్చు గానీ ఆవిణ్ణి అనకూడదా అంటావు. ఆయన ఓట్లడిగి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పాలు ఏ వీధికి ముందు వెళ్లాలో చెప్పగలిగిన మనిషి. నీ రాత నచ్చకపోతే పొద్దున్నే ప్రెస్‌మీట్ పెడతాడు, అనుచరుల చేత నిన్ను నాలుగు తిట్టిస్తాడు కూడా. ఆవిడ ఎక్కడికెళ్లి సమాధానం చెప్పుకుంటుంది? రెండో పాకెట్టు మేడ మీద ఇరుక్కుపోయిన పక్కింటి వాళ్ల కోసమేమో, నువ్వు అడగనూ లేదు. నీ రాత మాత్రం వాళ్ల వీధి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది, ఆవిడ మనవళ్లు చదువుతారు.

పేరు రాయలేదంటావా? పైపుల రోడ్డు, ఇడ్లీ బండి, నత్తి, ఇన్ని చెప్పాక ఇంక పేరెందుకు? ఆ వీధి మనిషి చదివి ‘ఫలానా ఆవిడ కదూ’ అనగలిగితే పేరు రాసినట్టే.

ఉన్నదే రాశానన్న వాదనా పూర్తిగా కాపాడదు. పరువు నష్టం నేరం పాత శిక్షాస్మృతిలో 499వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356. అందులో నిజమైతే చాలదు, ఆ నిజం బయటపెట్టడం జనం మంచి కోసం అయ్యుండాలి. వ్యంగ్యంగా అన్న మాట కూడా పరువు నష్టం కావచ్చని అదే సెక్షన్ వివరణలో ఉంది. ఆవిడ నత్తి బయటపెట్టి ఏ జనానికి మేలు చేశావు?

ప్రజలకు సంబంధించిన విషయంలో ఎవరి నడవడి మీదైనా సదుద్దేశంతో అభిప్రాయం చెప్పొచ్చని ఆ చట్టమే అంటుంది. ఆ నడవడిలో గుణం ఎంత మేరకు కనిపిస్తే అంత మేరకే, అంతకు మించి కాదు. నాకైతే ఇది కోర్టు భయం లేకపోయినా పాటించాల్సిన కొలత. దీని ప్రకారం నీ రాతలో కార్పొరేటర్ ఫొటోల పిచ్చి ఉంటుంది. ఆయన బట్టతల, కూతురి ప్రేమ పెళ్లి పోతాయి. పదవిలో ఉన్నంత మాత్రాన ఇల్లంతా మనకు రాసివ్వలేదు కదా.

బోటు ఆయనతోనే కాస్త చిక్కు. ఒక కుటుంబాన్ని బయటికి తీసుకురావడానికి రెండు వేలు అడిగాడన్నావు. పదవీ లేదు, మైకూ లేదు, నిన్నటి దాకా మామూలు మనిషి. కానీ మునిగిన వాళ్ల దగ్గర ఆ రేటు పెట్టడం అందరికీ సంబంధించిన సంగతే. రేటు మీద రాయి, తడిసిన నోట్లు ఆరబెట్టుకున్న తీరు మీద రాయి. ఇంటిపేరు చెప్పి కులాన్ని గుర్తుచేసిన వాక్యం, తాగుడు సంగతి తీసెయ్. వరద తీశాక ఆయన మళ్లీ మామూలు మనిషే. సంక్రాంతికి ఇంకో వ్యంగ్యం రాస్తూ ఆయన్ని మళ్లీ లాక్కురావద్దు.

ముసలావిడ పేరా మొత్తం కొట్టెయ్యమనను. ఇంటికి ఒకటే పాకెట్టు అన్న రూలు ఎవరిది? ఇద్దరున్న ఇంటికీ ఒకటే, పదిమంది ఉన్న ఇంటికీ ఒకటే. ఆ లెక్కను పట్టుకో. ఇడ్లీ బండి, నత్తి, చీర తీసేసి ‘ఒకావిడ’ అని మాత్రం ఉంచు. అప్పుడు రెండో పాకెట్టు చూసి పాఠకుడు నవ్వేది ఆ రూలు పెట్టిన వాళ్లను చూసి.

ఇంకో సంగతి. ట్రాక్టర్ ఘట్టం నువ్వు చూసిందా, విన్నదా? పది ఫొటోలను వంద చెయ్, అతిశయోక్తి అని ఎవరికైనా తెలుస్తుంది. పాకెట్టు వెనక్కి పట్టుకెళ్లాడన్నది అలా కాదు, అది ఆరోపణ. కళ్లారా చూడకపోతే, చూసిన వాళ్లెవరూ నిలబడి చెప్పకపోతే, ఎంత నవ్వొచ్చినా ఆ వాక్యం ఉంచకు. ఏ సంగతో ఫోన్ చేసి చెప్పు, ఆ తర్వాత మిగతాది చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య